పోటీ కంపెనీకి వెళ్తున్న సహోద్యోగికి నాలుగు మాటలు: గ్రూపులోనా, విడిగానా?

గుంటూరు చుట్టుపక్కల విత్తనాలు, పురుగు మందుల అమ్మకాల్లో పనిచేసేవాళ్లకు ఏప్రిల్, మే నెలల్లో ఎవరో ఒకరు కంపెనీ మారడం కొత్త కాదు. మార్చితో లెక్కల సంవత్సరం ముగుస్తుంది, మిరప యార్డుకు ఎండాకాలం సెలవులు వస్తాయి, జులైలో మిరప నార్లు పోసే నాటికి కొత్త కంపెనీలో కుదురుకోవాలంటే మారవలసింది అప్పుడే. అలా మారే మనిషి ఎక్కడికో దూరం వెళ్లిపోడు. అదే నరసరావుపేట రోడ్డులో, అదే డీలరు కౌంటరు ముందు, చేతిలో మరో కంపెనీ సంచితో జూన్ నెలలో మళ్లీ ఎదురుపడతాడు. బెంగుళూరుకో, విదేశానికో వెళ్తున్నవాడికి రాసే వీడ్కోలుకూ, పోటీ కంపెనీకి మారుతున్నవాడికి రాసే వీడ్కోలుకూ అసలు తేడా అక్కడే ఉంది. మొదటిది మనిషిని సాగనంపడానికి రాస్తాం. రెండోది రేపు కౌంటరు దగ్గర ఇద్దరూ ఇబ్బంది లేకుండా టీ తాగగలిగేలా రాయాలి.

నాతో ఆరేళ్లు పనిచేసి, వయసులో నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైన ఒక సహోద్యోగి ఇలాగే మిరప విత్తనాల్లోనే మాకు పోటీగా ఉన్న కంపెనీకి మారారు. ఆయనకు ఏం రాయాలో తేల్చుకోవడానికి నాకు దాదాపు గంట పట్టింది. ఆ గంటలో నేను బేరీజు వేసుకున్న దారులను, వాటిలో ఒకటి ఎందుకు ఎంచుకున్నానో, నా మొదటి చిత్తు ఎక్కడెక్కడ తప్పిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంకోచాన్ని పక్కన పెట్టాలి. పోటీ కంపెనీకి వెళ్లడం ద్రోహమేమో, మనం శుభాకాంక్షలు చెబితే అందులో మనకూ భాగం అంటుకుంటుందేమో అని చాలామంది లోలోపల జంకుతారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 27వ సెక్షను ప్రకారం, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం సాధారణంగా చెల్లదు. ఉద్యోగం మానేశాక పోటీదారు దగ్గర చేరకూడదనే షరతులను మన న్యాయస్థానాలు ఈ సెక్షను కిందే తోసిపుచ్చుతూ వచ్చాయి. కాబట్టి వెళ్లడంలో తప్పు లేదు, వెళ్లేవారికి మంచి జరగాలని కోరడంలోనూ తప్పు లేదు. అయితే కంపెనీ రహస్యాలను కాపాడతానన్న మాట అలా చెల్లకుండా పోదు. ధరల పట్టీలు, డీలర్ల బకాయిలు, రాబోయే సీజను స్కీములు అతనితో పాటు వెళ్లకూడదు. సందేశం రాసేటప్పుడు ఈ రెండో సంగతే మనకు ముఖ్యం. మనిషికి వీడ్కోలు చెప్పవచ్చు కానీ ఆ వీడ్కోలులో కంపెనీ వ్యాపారం గురించిన ముక్క ఒక్కటి కూడా జారిపోకూడదు.

నా ముందున్న దారులు ఇవి: కంపెనీ వాట్సాప్ గ్రూపులో అందరితో పాటు ఒక వాక్యం పెట్టడం, ఆయన సొంత నంబరుకు విడిగా రాయడం, సరదాగా ఒక జోకు పంపడం, ఇద్దరం కలిసి దిగిన ఫొటోను స్టేటస్‌లో పెట్టడం, ఏమీ రాయకుండా ఫోను చేసి ఊరుకోవడం.

స్టేటస్ సంగతి త్వరగా తేల్చేయవచ్చు. అమ్మకాల్లో ఉన్నవాడి ఫోనులో సగం నంబర్లు డీలర్లవే. మన ఆఫీసర్ మారుతున్నాడని కంపెనీ చెప్పకముందే మన స్టేటస్ చూసి డీలరుకు తెలిస్తే, ఆ రోజు నుంచి కలెక్షను ఆగిపోతుంది. ఆ ఆఫీసర్ నోటిమాటగా ఒప్పుకున్న డిస్కౌంటును ఇప్పుడు ఎవరు నిలబెడతారో తేలేదాకా డీలరు చెక్కు రాయడు. అందులో అతని తప్పేమీ లేదు. అభిమానంతో పెట్టిన ఒక ఫొటో వల్ల పక్క టేబులు మనిషికి రెండు వారాల తలనొప్పి వస్తుందంటే, ఆ అభిమానాన్ని మరోలా చూపించడమే మేలు.

జోకు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు అందరికీ ముందుగా నోటికొచ్చేది అదే. గుంటూరు, విజయవాడల్లో మనిషి కంపెనీ మారాడంటే చాలు, రాజకీయాల భాష తన్నుకొస్తుంది. కండువా మార్చాడనీ, గోడ దూకాడనీ, జంప్ జిలానీ అనీ అంటారు. ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఈ మాట అంటే అందరూ నవ్వుతారు, వెళ్లేవాడు కూడా నవ్వుతాడు, ఎందుకంటే అన్నవాడి ముఖం అతనికి కనిపిస్తుంది. అదే మాట రాతలోకి వచ్చాక ముఖం పోయి మాట మాత్రమే మిగులుతుంది. కండువా మార్చడం అంటే స్వార్థం కోసం పార్టీ మార్చడమనే అర్థం మన పత్రికలు చదివే ప్రతివాడికీ తెలుసు. వెళ్లేవాడు ఆరు నెలలుగా ప్రమోషన్ రాక లోపల కుములుతున్నవాడైతే, ఆ రెండు పదాలు అతనికి జోకులా కాక తీర్పులా వినిపిస్తాయి. శత్రు శిబిరం, అవతలి గట్టు లాంటి మాటలదీ అదే దారి. నా మటుకు నేను జోకును నోటికి వదిలేసి, రాతలో పెట్టకూడదనుకున్నాను.

ఇక ఏమీ రాయకుండా ఫోను చేయడం. దగ్గరివాడైతే ఫోను చేయవలసిందే, అందులో సందేహం లేదు. అయితే ఫోనులో మాట్లాడేది ఎక్కువగా వెళ్లడానికి కారణాలు, కొత్త జీతం, ఇల్లు మారుతున్నారా లేదా అనే ముచ్చట్లే. ఆరేళ్లు కలిసి పనిచేసినందుకు కృతజ్ఞత చెప్పే వాక్యం ఆ మాటల మధ్య ఎక్కడో తప్పిపోతుంది. మగవాళ్లం ఫోనులో ఆ వాక్యం చెప్పలేం కూడా, ఉన్నట్టుండి గొంతు సవరించుకుని మిరప ధరలోకి వెళ్లిపోతాం. అందుకే ఫోను చేసినా, రాయవలసింది మాత్రం విడిగా మిగిలే ఉంటుంది.

మిగిలినవి గ్రూపు, సొంత నంబరు. ఈ రెండింటినీ ఒకటికి బదులు మరొకటిగా చూడటమే పొరపాటని నాకు అనిపించింది. గ్రూపులో రాసేది నిజానికి వెళ్లేవాడు ఒక్కడి కోసమే కాదు. అందులో ఏరియా మేనేజర్ ఉంటాడు, హైదరాబాదు ఆఫీసు వాళ్లుంటారు, కొత్తగా చేరిన ఫీల్డ్ అసిస్టెంట్లుంటారు. అక్కడ మనం మౌనంగా ఉంటే అది కూడా ఒక మాటగానే లెక్కకు వస్తుంది, అతని మీద కోపంగా ఉన్నామని కొందరు, మేనేజర్‌కు భయపడ్డామని కొందరు అనుకుంటారు. ఎక్కువ రాస్తే దాన్ని మేనేజర్ మరోలా చదువుతాడు. కాబట్టి గ్రూపులో ఒక్క వాక్యం, అది కూడా మేనేజర్ వీడ్కోలు మాట పెట్టిన తర్వాత. విడిగా రాసేదానిలో అసలు మాట.

గ్రూపు వాక్యంలో ఒక పదం ఎంపిక దగ్గర నేను ఆగాను. అభినందనలు అనాలా, శుభాకాంక్షలు అనాలా? అభినందనలు అనేది సాధించినదానికి చెప్పే మాట. పోటీ కంపెనీలో ఉద్యోగం సాధించినందుకు మన కంపెనీ గ్రూపులో మెచ్చుకోవడం మేనేజర్ చెవికి కాస్త గరుకుగా తగులుతుంది. శుభాకాంక్షలు రాబోయే రోజులకు సంబంధించిన మాట, అందులో ఎవరు గెలిచారన్న ప్రస్తావనే ఉండదు. అందుకని నేను గ్రూపులో ఇలా రాశాను: "ఈ ఆరేళ్లలో మీరు అందించిన సహకారానికి ధన్యవాదాలు అన్నా, మీకు శుభాకాంక్షలు." ఆయన ఎక్కడ చేరుతున్నారో అందులో లేదు. రాజీనామా లేఖలో సొంత కారణాలు అని రాసి వెళ్లేవాళ్లే ఎక్కువ కాబట్టి, వెళ్లేవాడు తన నోటితో అందరి ముందూ చెప్పేదాకా కొత్త కంపెనీ పేరు మన రాతలో రాకూడదు. మరో చిన్న సంగతి, చాలా ఆఫీసుల్లో చివరి రోజు సాయంత్రమే మనిషిని గ్రూపు నుంచి తీసేస్తారు. రాత్రి తీరికగా భోజనం చేసి మనం పెట్టే వీడ్కోలు అతను తప్ప మిగిలిన అందరూ చదువుతారు.

ఇప్పుడు సొంత నంబరుకు రాసిన సందేశం. నా మొదటి చిత్తు ఇలా వచ్చింది:

"అన్నా, మీరు లేని లోటు తీరనిది. పురుగు వచ్చిన ఏడాది మన విత్తనం మీద రైతులు గొడవకు దిగితే మీరే నిలబడి సర్దిచెప్పారు. అక్కడైనా మీకు తగిన విలువ దొరకాలి. మన డీలర్లెవరూ మిమ్మల్ని మరచిపోరు. సెటిల్ అయ్యాక మమ్మల్నీ గుర్తుపెట్టుకోండి."

రాసినప్పుడు కళ్లు చెమర్చిన మాట నిజం. పది నిమిషాల తర్వాత, ఇదే సందేశాన్ని మా ఏరియా మేనేజర్ చదివితే ఎలా ఉంటుందో, ఆయన కొత్త మేనేజర్ చదివితే ఎలా ఉంటుందో ఊహించుకుని మళ్లీ చదివాను. ఒక్క వాక్యం కూడా నిలబడలేదు.

మొదటి వాక్యంలోని తీరని లోటు మన భాషలో చనిపోయినవాళ్లకు అంకితమైపోయిన మాట. సంతాప సభల్లో, పత్రికల్లో నివాళి ప్రకటనల్లో తప్ప అది మరెక్కడా సహజంగా వినిపించదు. బతికి బాగుపడటానికి వెళ్తున్న మనిషికి ఆ మాట పంపితే అతను ఏమీ అనకపోవచ్చు కానీ ఇంట్లో ఆడవాళ్లు చూస్తే ముఖం చిట్లిస్తారు. వీడ్కోలు అనే పదం కూడా రిటైర్మెంటు సభ బ్యానరు మీద బాగుంటుంది, ఫోను తెర మీద కొంచెం బరువుగా ఉంటుంది.

రెండో వాక్యం అన్నిటికంటే ప్రమాదకరమైనది, నాకు మాత్రం అదే అన్నిటికంటే బాగా నచ్చింది. 2021లో నల్ల తామర పురుగు మన ప్రాంతపు మిరప తోటల మీద పడినప్పుడు ఏ కంపెనీ విత్తనమన్న తేడా లేకుండా పూత రాలిపోయింది. నష్టపోయిన రైతు కోపం ఎదురుగా కనిపించిన కంపెనీ మనిషి మీదికి మళ్లడం సహజం. ఆ రోజుల్లో ఆయన ఫిరంగిపురం దగ్గర పొలం గట్టు మీద నిలబడి, గొంతు పెంచకుండా, ఒక్కో రైతుకూ సమాధానం చెప్పడం నేను పక్కనుండి చూశాను. నేను చెప్పాలనుకున్నది అది. కానీ రాసింది మరొకటి. మన విత్తనం మీద రైతులు గొడవకు దిగారనే వాక్యం నా పేరుతో, మా కంపెనీ ఉద్యోగి రాసినదిగా, రేపు పోటీ కంపెనీలో ఉండబోయే మనిషి ఫోనులోకి వెళ్తోంది. ఆయన దాన్ని వాడుకుంటారని నేను అనుకోను. అయినా ఫోనులు చేతులు మారతాయి, స్క్రీన్‌షాట్లకు కాళ్లుంటాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం కూడా, తగిన ధ్రువపత్రం జతచేస్తే ఫోను సందేశాలు సాక్ష్యంగా చెల్లుతాయి. ఇంత దూరం ఆలోచించాలా అని మీకు అనిపించవచ్చు. అక్కర్లేదు, జ్ఞాపకాన్ని ఉంచుకుని కంపెనీని తీసేస్తే చాలు. గట్టు, ఎండ, ఆయన ఓపిక ఉండాలి, విత్తనం, గొడవ పోవాలి.

మూడో వాక్యాన్ని చివరన అతికిన ఐనా పాడు చేసింది. అక్కడైనా అన్నప్పుడు ఇక్కడ దొరకలేదన్న ఫిర్యాదు దానంతట అదే వచ్చి కూర్చుంది. ఆ ఫిర్యాదు నిజమే కావచ్చు, కానీ అది ఆయన తరఫున నేను చేయవలసినది కాదు. వెళ్లేవాడు మర్యాదగా నోరు మూసుకుని వెళ్తుంటే ఉండేవాడు గిల్లడం ఏం బాగుంటుంది? ఐనా తీసేసి అక్కడ అని మాత్రం ఉంచినా పోలిక వదలదు. కొత్త చోట అంటే పోలిక ఉండదు.

నాలుగో వాక్యంలోని డీలర్ల మాట చూడటానికి పొగడ్తే. కానీ పోటీ కంపెనీకి వెళ్తున్న అమ్మకాల మనిషికి డీలర్లు నీవాళ్లే అని రాయడమంటే, వాళ్లను తీసుకెళ్లమని చెప్పినట్టుగా కూడా చదువుకోవచ్చు. రేపు సీజనులో నిజంగానే ఇద్దరు డీలర్లు అటు మళ్లితే ఈ వాక్యం అర్థం ఎలా మారుతుందో చెప్పనక్కర్లేదు. కొనేవాళ్ల పేరు, ఊరి పేరుతో సహా కొట్లు, ఏరియాలు, టార్గెట్లు వీడ్కోలులో రాకుండా చూసుకోవాలి. ఫిరంగిపురం అనే ఊరి పేరు నేను ఉంచుకున్నాను, ఎందుకంటే అక్కడ మా ఇద్దరి జ్ఞాపకం పొలం గట్టుదే తప్ప కొట్టుది కాదు.

చివరి వాక్యంతో నాకు పాత పరిచయం ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, అప్పట్లో పనిచేసిన మరో కంపెనీలో, ఒక సీనియర్ ఇలాగే పోటీవాళ్ల దగ్గరికి వెళ్తుంటే రాత్రి ఏడు గంటలకు ఆయన నంబరుకు ఇలా పంపాను: "అక్కడ సెట్ అయ్యాక నాకూ చూడన్నా." అది సరదాకి అన్న మాట, మనవాళ్లు పది మందిలో తొమ్మిది మంది అనే మాట. నేను మరచిపోయింది ఏమిటంటే అది కంపెనీ ఇచ్చిన సిమ్ నంబరు, దాన్ని ఆయన ఐదు గంటలకే ఆఫీసులో అప్పగించి వెళ్లారు. మర్నాడు ఉదయం మీటింగులో మేనేజర్ తన టేబులు మీదున్న ఆ ఫోను వైపు చూసి, "ఏమయ్యా, నీకెక్కడ చూడమంటావు?" అని అడిగాడు. గదిలో అందరూ నవ్వారు, ఆయన మాత్రం నవ్వలేదు. ఆ ఏడాది ఇంక్రిమెంటు విషయంలో నేను ఏమీ అడగలేదు.

కాబట్టి ఏం రాయాలన్నది ఎంత ముఖ్యమో, ఏ నంబరుకు, ఎప్పుడు పంపాలన్నదీ అంతే ముఖ్యం. కంపెనీ సిమ్‌కు పంపకూడదు, కంపెనీ మెయిలుకు పంపకూడదు. ఆయన సొంత నంబరు మన దగ్గర లేకపోతే ముందే అడిగి తీసుకోవాలి, ఆ అడగడం కూడా ఒక రకంగా మంచి వీడ్కోలే. సమయం విషయానికొస్తే, రాజీనామా ఇచ్చిన రోజు మరీ తొందర, ఎందుకంటే నోటీసు కాలంలో మనసు మార్చుకుని ఆగిపోయినవాళ్లను నేనే ఇద్దరిని చూశాను. కొత్త కంపెనీలో చేరిన తర్వాత పంపితే అతను అప్పటికి అవతలి మనిషి, మన మాట వీడ్కోలులా కాకుండా పలకరింపులా, ఒక్కోసారి కూపీ లాగుతున్నట్టుగా కూడా అనిపిస్తుంది. చివరి పని దినం మధ్యాహ్నం భోజనాల తర్వాత, రిలీవింగ్ కాగితాల హడావిడి మొదలవకముందు పంపడం నాకు సరైనదనిపించింది.

పంపేశాక దిద్దుకోవచ్చులే అన్న ధీమా పెట్టుకోవద్దు. వాట్సాప్‌లో సందేశాన్ని మార్చడానికి 15 నిమిషాలే ఉంటుంది, మార్చినట్టు గుర్తు కూడా కనిపిస్తుంది. అందరికీ తొలగించే వీలు రెండు రోజుల దాకా ఉన్నా, తొలగించిన ఆనవాలు అక్కడే మిగులుతుంది. వీడ్కోలు రోజున ఏదో రాసి తీసేశాడన్న ఆనవాలు, రాసిన మాటకంటే ఎక్కువ అనుమానాలు పుట్టిస్తుంది. మామూలు ఎస్సెమ్మెస్ పంపేవాళ్లు మరొకటి గమనించాలి. తెలుగు లిపిలో అయితే ఒక సందేశంలో 70 అక్షరాలే పడతాయి, గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి, కాబట్టి రెండు వాక్యాలకే అది రెండు మూడు ముక్కలవుతుంది.

లిపి గురించి నా అభిప్రాయం ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఆల్ ది బెస్ట్ ఫర్ యువర్ ఫ్యూచర్ ఎండీవర్స్ అనే ఇంగ్లీషు వాక్యంలో ఏ తప్పూ లేదు, ఏ మనిషీ లేడు. అది ఎవరు ఎవరికి పంపినా ఒక్కటే. గ్రూపులో అయితే అది చెల్లిపోతుంది. సొంత నంబరుకు మాత్రం తెలుగులో, తెలుగు అక్షరాల్లోనే రాయండి, రోజూ ఆయనను పిలిచే పిలుపుతోనే మొదలుపెట్టండి. రోజూ అన్నా అని పిలిచే మనిషిని చివరి రోజు ఇంటిపేరు పెట్టి గారు అంటే దూరం పెట్టినట్టుంటుంది. అలాగే రోజూ సార్ అనే మనిషిని, ఇక మన సార్ కాదు కదా అని ఉన్నట్టుండి బ్రదర్ అనడం అంతకంటే ఇబ్బందికరంగా ఉంటుంది.

చివరికి నేను పంపినది ఇది:

"అన్నా, ఆరేళ్లు ఒకే బండి మీద తిరిగాం. ఫిరంగిపురం గట్ల మీద, ఎండలో, మీరు రైతుతో ఓపిగ్గా మాట్లాడటం చూసి నేను పని నేర్చుకున్నాను. కొత్త చోట మీకు అంతా మంచి జరగాలి. వెళ్లిరండి."

ఆఖరి మాట గురించి కొంత తటపటాయించాను. మన ఇళ్లలో గడప దాటేవాళ్లను వెళ్లండి అనరు, వెళ్లిరండి అంటారు. పోటీ కంపెనీకి పోతున్నవాడిని మళ్లీ రమ్మని పిలిచినట్టు అవుతుందేమోనని ఒక క్షణం అనుకున్నాను. కానీ తెలుగువాడెవడూ దాన్ని ఉద్యోగానికి తిరిగి రమ్మనడంగా చదవడు. వెళ్లండి అని రాస్తే మాత్రం తలుపు వేసినట్టుంటుంది. అయితే ఈ మాట సాటి ఉద్యోగి నోట బాగుంటుంది కానీ మేనేజర్ నోట దానికి మరో బరువు వస్తుంది. కింద పనిచేసినవాడు వెళ్తుంటే మీకు ఇక్కడ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయని మేనేజర్లు రాస్తుంటారు. తిరిగి తీసుకునే అధికారం నిజంగా తన చేతిలో ఉంటే తప్ప ఆ మాట రాతలో ఇవ్వకపోవడం మంచిది, ఏడాది తర్వాత అదే సందేశాన్ని చూపించి అడిగే రోజు రావచ్చు.

ఇద్దరి మధ్యా అంత సఖ్యత లేకపోతే ఏం చేయాలని మా ఫీల్డ్ అసిస్టెంటు ఒకతను అడిగాడు. అప్పుడు విడిగా రాయనక్కర్లేదు, గ్రూపులో ఒక్క వాక్యం సరిపోతుంది. లేని ఆప్యాయతను రాతలో పోస్తే చదివేవాడికి తెలిసిపోతుంది, పైగా వెళ్లేవాడు దాన్ని వెటకారంగా తీసుకునే వీలుంది. పాత గొడవకు క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తే దాన్ని వీడ్కోలుతో కలపకుండా, ఎదురుగా కూర్చుని చెప్పుకోవడం మేలు.

సందేశం పంపిన అరగంటకు ఆయన జవాబు వచ్చింది: "థాంక్స్ తమ్ముడూ. యార్డు తెరిచాక కలుద్దాం." నేను ఒక దండం గుర్తు పెట్టి ఆపేశాను. ఇక్కడ ఆగడం కూడా తెలియాలి, ఎందుకంటే జవాబుకు జవాబు రాస్తూ పోతే మూడో వాక్యంలో ఎప్పుడు చేరుతున్నారు, నాలుగో వాక్యంలో ఏ ఏరియా ఇచ్చారు అని అడుగుతాం. అప్పటికి అది వీడ్కోలు కాదు. జూన్‌లో నరసరావుపేటలో డీలరు కౌంటరు ముందు ఇద్దరం ఎదురుపడ్డప్పుడు కొట్టువాడు మా ముఖాలు మార్చి మార్చి చూశాడు. ఆయనే ముందుగా టీ చెప్పి, మా అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగారు. సీజను గురించి ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడలేదు. వెళ్లేముందు తన కొత్త కంపెనీ నంబరు ఇచ్చారు. దాన్ని ఫోనులో దాచుకున్నాను, ఆ నంబరుకు మాత్రం ఇంతవరకు ఏ సందేశమూ పంపలేదు.